చిన్న బౌలర్ల యాక్షన్: ముందు కాలు నుంచి మొదలుపెట్టి రనప్ వరకు

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. 11 నుంచి 13 ఏళ్ల పిల్లలకు ఫాస్ట్ బౌలింగ్ నేర్పుతున్నాను. రనప్ ఒక్కో బంతికి ఒక్కోలా వస్తోంది, నో బాల్స్ ఎక్కువగా పడుతున్నాయి. కొందరికి ముందు కాలు అడ్డంగా పడుతోంది. ఒక అబ్బాయి నడుము నొప్పి అంటున్నాడు. ఎక్కడి నుంచి మొదలుపెట్టి సరిచేయాలి?

సమాధానం:

మాస్టారూ, నడుము నొప్పి అంటున్న అబ్బాయి చేత ఈ రోజే బౌలింగ్ ఆపించండి. మిగతావన్నీ ఆ తర్వాతే. ఫాస్ట్ బౌలింగ్ వేసే పిల్లల్లో నడుము నొప్పిని కండరాల నొప్పిగా తీసిపారేయకూడదు. నడుము వెన్నుపూసల్లో, ముఖ్యంగా అడుగున ఉండే నాలుగు, అయిదు పూసల వెనుక భాగంలో, ఒకే చోట పదేపదే ఒత్తిడి పడి సన్నని పగులు వచ్చే అవకాశం ఉంది. దీన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. కుడిచేతి బౌలర్‌కు ఇది ఎక్కువగా ఎడమ వైపు వస్తుంది. నొప్పి నడుమంతా పరుచుకోకుండా వెన్నెముకకు ఒక పక్కన వేలు పెట్టి చూపించగలిగేలా ఉన్నా, బంతి వేసినప్పుడు, వెనక్కి వంగినప్పుడు పెరిగి విశ్రాంతిలో తగ్గుతున్నా అనుమానించాల్సిందే. అబ్బాయిని ఎముకల వైద్యుడి దగ్గరకు పంపేటప్పుడు అతను ఫాస్ట్ బౌలర్ అన్న మాట తప్పకుండా చెప్పించండి. తొలి దశలో ఇలాంటి పగులు మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐ అవసరమా కాదా అన్నది వైద్యుడు ఆ వివరం విన్న తర్వాతే సరిగ్గా నిర్ణయించగలడు. స్ప్రే కొట్టి, బెల్టు కట్టి మళ్లీ నెట్స్‌కు పంపడం మాత్రం చేయకండి. తొందరగా పట్టుకుంటే కొన్ని నెలల విశ్రాంతితో మానే పగులు, దాచిపెట్టి ఆడితే సంవత్సరాల తరబడి వెంటాడుతుంది. డెన్నిస్ లిల్లీ అంతటి బౌలర్ 1973లో వెస్టిండీస్ పర్యటనలో ఇదే గాయంతో ఆగిపోయి, యాక్షన్‌ను మళ్లీ కట్టుకుని తిరిగి రావలసి వచ్చింది. ఆయనే 1987 నుంచి చెన్నైలోని ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్‌లో మన దేశపు బౌలర్లకు ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చారు.

ఇక నేర్పే క్రమం. మీరు అడిగిన రనప్, నో బాల్, అడ్డంగా పడే కాలు మూడూ ఒకదానితో ఒకటి ముడిపడినవి. వాటిని విప్పాలంటే బంతి వదిలే చోటు నుంచి వెనక్కి రావాలి. ముందు కాలు నేలను తాకే క్షణంలో ఫాస్ట్ బౌలర్ శరీరం మీద పడే భారం పెద్దవాళ్లలో వారి సొంత బరువుకు అయిదు రెట్లు, కొందరిలో అంతకు మించి ఉంటుంది. ఆ భారం మడమ నుంచి మోకాలు, తుంటి, నడుము వరకు పైకి వస్తుంది. ఆ క్షణంలో శరీరం తిన్నగా ఉంటే భారాన్ని కాళ్లు, తుంటి కండరాలు పంచుకుంటాయి. నడుము పక్కకు ఒరిగి మెలి తిరిగి ఉంటే అదే భారం వెన్నుపూస వెనుక భాగంలో ఒక్క చోట పడుతుంది. అందువల్ల పిల్లవాడికి మొదట రావలసింది సురక్షితంగా దిగడం. రనప్ అతన్ని ఆ స్థితికి తీసుకొచ్చే సాధనం మాత్రమే. చాలా చోట్ల దీనికి తలకిందులుగా, మొదటి రోజే పదిహేను అంగలు పరిగెత్తించి, కాలు ఎక్కడ పడితే అక్కడి నుంచి యాక్షన్ దిద్దడానికి ప్రయత్నిస్తారు. వేగంగా పరిగెత్తుతూ వచ్చే పిల్లవాడు పాదం ఎక్కడ పడిందో గమనించుకోలేడు, కాబట్టి ఆ దిద్దుబాటు నిలవదు.

మొదటి మెట్టులో పరుగు ఉండదు. నేల మీద సున్నంతో ఒక తిన్నని గీతను బ్యాట్స్‌మన్ వైపుగా గీయండి. కుడిచేతి బౌలర్‌ను కుడి పాదం వెనక, ఎడమ పాదం ముందు ఉండేలా, రెండూ ఆ గీత మీదో, దానికి బాగా దగ్గరగానో పడేలా నిలబెట్టండి. రెండు పాదాల మధ్య దూరం అతను హాయిగా వేయగలిగిన ఒక పెద్ద అడుగు ఉంటే చాలు. ముందు పాదం వేళ్లు బ్యాట్స్‌మన్ వైపు చూడాలి, కొద్దిగా పక్కకు తిరిగినా పరవాలేదు. ఎడమ చేయి పైకి చాచి, బరువును వెనుక కాలి మీదకు తెచ్చి, అక్కడి నుంచి ముందు కాలి మీదకు మార్చుతూ, కుడి చేయిని చెవి పక్కగా తిప్పి బంతి వదలమనండి. ఎడమ చేయి తుంటి పక్కగా కిందికి లాగాలి, తల తిన్నగా ముందుకు వెళ్లాలి. ఈ దశకు పదడుగుల దూరంలో నిలబడే జత ఆటగాడు, ఒక మెత్తని బంతి చాలు. బంతి వేగాన్ని ఇక్కడ అసలు పట్టించుకోకండి. తల ఎడమ వైపుకు పడిపోతోందా లేదా అన్నది మాత్రం చూడండి.

ఇక్కడే ముందు పాదం దిగే తీరు నేర్పాలి. పాదం మడమతో మొదలై వెంటనే పూర్తిగా నేలకు ఆనాలి, లేదా ఒకేసారి చదునుగా ఆనాలి. మునివేళ్ల మీద దిగే పిల్లలకు పిక్క, మడమ వెనుక నరం పట్టేస్తాయి, మోకాలు ముందుకు జారిపోతుంది. పాదం బయటి అంచు మీద దిగితే చీలమండ మెలి పడే ప్రమాదం ఉంది. ఇది చూడటానికి చెవి కూడా పనికొస్తుంది: పాదం చదునుగా దిగితే ఒకే చప్పుడు వినిపిస్తుంది, వేళ్ల మీద దిగి తర్వాత మడమ ఆనితే రెండు చప్పుళ్లు వస్తాయి. మోకాలి విషయంలో మాత్రం తొందర వద్దు. అంతర్జాతీయ బౌలర్లు ముందు మోకాలిని కర్రలా బిగించి వేగం తెచ్చుకోవడాన్ని టీవీలో చూసి, పిల్లలు దాన్ని అనుకరిస్తారు, కొందరు కోచ్‌లు కూడా ప్రోత్సహిస్తారు. బిగిసిన మోకాలు వేగాన్ని పెంచే మాట నిజమే గాని, అదే సమయంలో నేల ఇచ్చే దెబ్బ మెత్తబడకుండా నేరుగా నడుముకు చేరుతుంది. పన్నెండేళ్ల పిల్లవాడికి మోకాలు కొద్దిగా వంగి, ఆ వంపు దగ్గర ఆగి, బంతి వదిలే వరకు కుప్పకూలకుండా నిలబడితే సరిపోతుంది.

రెండో మెట్టు వెనుక కాలు. నిజానికి నడుము గాయాలకు మూలం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. వెనుక పాదం క్రీజుకు సమాంతరంగా దిగితే తుంటి, భుజాలు రెండూ పక్కకు తిరిగి ఉండాలి, అది సైడ్ ఆన్ యాక్షన్. పాదం బ్యాట్స్‌మన్ వైపు చూస్తూ దిగితే తుంటి, భుజాలు రెండూ ఎదురుగా ఉండాలి, అది ఫ్రంట్ ఆన్. ఈ రెండింటికి మధ్యలో ఉండే తీరు కూడా ఉంది, అదీ మంచిదే. ఈ మూడింటిలో ఏది మేలన్న వాదనలోకి పిల్లలను లాగకండి. ఎవరికి సహజంగా ఏది వస్తే దాన్నే ఉంచండి. అంగీకరించకూడనిది ఒక్కటే, తుంటి ఒక దిక్కు, భుజాలు ఇంకో దిక్కు చూసే మిశ్రమ యాక్షన్. పాదం, తుంటి ఎదురుగా దిగిన తర్వాత భుజాలు వెనక్కి పక్కకు తిరిగి, మళ్లీ ముందుకు రావడం దాని ప్రధాన లక్షణం. ఆ వెనక్కి తిరగడం 30 డిగ్రీలు దాటిన బౌలర్లలో నడుము గాయాలు ఎక్కువని ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధనలు 1980ల చివరి నుంచి చెబుతూ వచ్చాయి.

బాధాకరమైన విషయం ఏమిటంటే, ఈ మిశ్రమ యాక్షన్ చాలాసార్లు మన సలహాల వల్లే పుడుతుంది. ఎదురుగా దిగే పిల్లవాడితో ‘ఎడమ చేతి వెనక నుంచి బ్యాట్స్‌మన్‌ను చూడు, భుజం తిప్పు’ అని అంటే, పాదం ఎలా దిగేదో అలాగే దిగుతుంది, పైభాగం మాత్రం మనం చెప్పినట్టు తిరుగుతుంది. భుజం గురించి చెప్పవలసి వస్తే ముందు వెనుక పాదాన్ని మార్చాలి, పాదం మారకపోతే భుజం జోలికి పోకూడదు. పరీక్షించడానికి ఫోన్ చాలు. పిల్లవాడి చొక్కా వెనుక రెండు భుజాల మధ్య ఒక తెల్ల టేపు, నడుము దగ్గర అడ్డంగా ఇంకో టేపు అతికించండి. అతని వెనుక నుంచి స్లో మోషన్‌లో వీడియో తీసి, వెనుక పాదం నేలను తాకిన చోట ఒకసారి, ముందు పాదం తాకిన చోట ఇంకొకసారి ఆపి చూడండి. రెండు టేపులూ దాదాపు ఒకే దిక్కుగా తిరిగి, కలిసి ముందుకు వస్తే నిశ్చింతగా ఉండవచ్చు. మొదటి చిత్రానికీ రెండో చిత్రానికీ మధ్య పై టేపు వెనక్కి తిరిగితే, యాక్షన్ మార్చాల్సిందే.

బుమ్రాను అనుకరించే పిల్లలు ఇప్పుడు ప్రతి మైదానంలోనూ ఉన్నారు. ఆయన మోచేయి వెనక్కి వంగే తీరు పుట్టుకతో వచ్చిన కీళ్ల స్వభావం, సాధనతో వచ్చేది కాదు. పైగా ఆ స్థాయి శారీరక సామర్థ్యం, వైద్య బృందం ఉన్న బౌలరే వెన్ను గాయంతో 2022 టీ20 ప్రపంచ కప్‌కు దూరమై, 2023లో శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. పిల్లలకు ఈ సంగతి సూటిగా చెప్పండి, వాళ్లు వింటారు.

మూడో మెట్టులో నడిచి వచ్చి బంతి వేయించండి, ఆ తర్వాత మూడు నుంచి అయిదు అడుగులు నెమ్మదిగా పరిగెత్తి ఎగిరి దిగడం చేయించండి. ఆ ఎగురు పైకి పోకూడదు, ముందుకు సాగాలి. ఎత్తుకు ఎగిరితే పరుగులో వచ్చిన ఊపు అక్కడే ఆగిపోతుంది, అంత ఎత్తు నుంచి కిందికి దిగే దెబ్బ కూడా పెరుగుతుంది. పిల్లవాడు ఏ గీత మీద పరిగెత్తాడో, అదే గీత మీద ఎగిరి, అదే గీత మీద దిగి, బంతి వదిలాక కూడా కొన్ని అడుగులు అదే ఊపులో సాగాలి. బంతి వేసి అక్కడే ఆగిపోమనడం ప్రమాదకరం, ఎందుకంటే వేగాన్ని తగ్గించుకోవడానికి శరీరానికి ఆ అడుగులు కావాలి. ఆ తర్వాత కుడిచేతి బౌలర్ ఓవర్ ద వికెట్ వేస్తే తన ఎడమ వైపుకు మళ్లి పిచ్ మధ్య భాగం నుంచి తప్పుకోవాలి.

అడ్డంగా పడే కాలి సంగతి ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక పన్నెండేళ్ల కుడిచేతి కుర్రాడు నా దగ్గరకు వచ్చేసరికి 18 అంగలు పరిగెత్తేవాడు. చివర్లో రెండు చిన్న అడుగులు తడబడేవాడు. ముందు కాలు గీతకు ఒక బూటు వెడల్పు కుడి వైపున పడేది, తల ఎడమకు ఒరిగేది. నేరుగా పడాల్సిన కాలు కుడికి పడితే తుంటి తెరుచుకోవడానికి దారి ఉండదు, కాబట్టి చేయి పైకి రావాలంటే నడుము పక్కకు వంగి తిరగాల్సిందే. పాత కోచ్ అతనికి రోజూ ‘కాలు తిన్నగా వెయ్యి’ అని చెప్పేవాడట. ఆ మాటలో తప్పు లేదు గాని, కారణం కాలిలో లేదు. వెనుక నుంచి వీడియో చూస్తే విషయం తెలిసింది: స్టంప్స్‌కు చేయి తగులుతుందన్న భయంతో ఆఖరి ఎగురును ఎడమ వైపుకు వేస్తున్నాడు, అక్కడి నుంచి బ్యాట్స్‌మన్ వైపు రావడానికి ముందు కాలును కుడికి తెస్తున్నాడు.

చికిత్స కూడా అక్కడి నుంచే జరిగింది. మొదట బౌలర్ వైపు స్టంప్స్ తీసేసి, భుజాల వెడల్పు దూరంలో రెండు గీతలు గీసి, నిలబడి వేయడం, నడిచి వేయడం, అయిదు అడుగులతో వేయడం మళ్లీ మొదటి నుంచి చేయించాం. పాదం రెండు గీతల మధ్య తిన్నగా దిగడం అలవాటయ్యాక, ఒక్క స్టంప్‌ను గీతకు బాగా పక్కగా నిలబెట్టి, కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చాం. చివరికి అతని పరుగు దారిని స్టంప్స్‌కు ఒక పాదం దూరంగా జరిపితే సరిపోయింది. కొన్ని వారాల తర్వాత తల ఒరగడం దానంతట అదే తగ్గింది. ఒరగడాన్ని గురించి అతనితో ఒక్క మాట కూడా అనలేదు.

ఇప్పుడు రనప్. ఆ అబ్బాయి పొడవును మేము ఎంచుకోలేదు, అతని కాళ్ల చేతే చెప్పించాం. పాపింగ్ క్రీజు మీద, బౌండరీ వైపు ముఖం పెట్టి నిలబెట్టి, ఎప్పుడూ ఒకే కాలితో మొదలుపెట్టి పరిగెత్తమన్నాం. గురి లేదు, బ్యాట్స్‌మన్ లేడు, చూడవలసిన గీత లేదు. ఊపు హాయిగా అందిందనిపించిన చోట ఎగిరి బంతి వదలమన్నాం. ముందు పాదం దిగిన చోట ప్రతిసారీ ఒక గుర్తు పెట్టాం. ఆరు పరుగుల్లో మొదటిది బెరుకుగా వచ్చింది, దాన్ని వదిలేశాం. మిగతా అయిదు గుర్తులు క్రీజు నుంచి 9.6, 9.8, 9.9, 10.1, 10.3 మీటర్ల దగ్గర పడ్డాయి. నడిమిది 9.9. అంటే ఎనిమిది తొమ్మిది అంగలకే అతనికి కావలసిన వేగం వచ్చేస్తోంది, 18 అంగల్లో సగం వృథాగా అలసిపోవడానికి, చివర్లో తడబడటానికి తప్ప దేనికీ పనికిరావడం లేదు.

ఆ కొలతను వెనక్కి తిప్పి పరుగు మొదలయ్యే చోటు గుర్తించేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకున్నాం. నిబంధన ప్రకారం దిగేటప్పుడు ముందు పాదంలో కొంత భాగమైనా పాపింగ్ క్రీజు వెనక ఉంటే చాలు. సాధనలో మాత్రం పాదం మొత్తం వెనకే పడేలా పెట్టాలి, అప్పుడే మ్యాచ్ ఉత్సాహంలో కొద్దిగా ముందుకు జరిగినా నో బాల్ కాదు. గుర్తులు 9.6 నుంచి 10.3 వరకు ఉన్నాయంటే ఆ అబ్బాయి పరుగులో 70 సెంటీమీటర్ల తేడా వస్తోందన్నమాట, అది ఒక పాదం పొడవు కంటే చాలా ఎక్కువ. అందుకని నేరుగా మ్యాచ్‌కు పంపకుండా, బంతి లేకుండా పరుగు మాత్రమే చేయించి, తేడా పాదం పొడవులోకి వచ్చాక బంతి ఇచ్చాం. నో బాల్ వేసే పిల్లవాడిని గీత చూసుకోమనడం వల్ల లాభం లేదు. గీత చూసేవాడు తల దించుతాడు, ఆఖరి అడుగులు కుదించుకుంటాడు, అక్కడే తడబాటు పుడుతుంది. తేడా ఎక్కువగా మొదటి రెండు మూడు అడుగుల్లోనే మొదలవుతుంది. ఒకసారి నడుస్తూ, ఒకసారి ఎగిరి, ఒకసారి ఎడమ కాలితో, ఇంకోసారి కుడి కాలితో మొదలుపెట్టేవాడి రనప్ ఎప్పటికీ కుదరదు. మూడో అడుగు పడే చోట ఒక గుర్తు పెట్టి, పక్కన మరో పిల్లవాణ్ణి నిలబెట్టి చూడమంటే సగం నో బాల్స్ అక్కడే దొరుకుతాయి.

మన పాఠశాలల నేల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే విదేశీ శిక్షణ పుస్తకాల్లో ఇది ఉండదు. మన దగ్గర ఎక్కువగా ఉండేది సిమెంటు పట్టీ, దాని మీద మ్యాటింగ్. వానకు మట్టి కొట్టుకుపోయి సిమెంటు అంచు నేల కంటే ఒక అంగుళం, రెండంగుళాలు పైకి తేలి ఉంటుంది. పరిగెత్తి వచ్చే పిల్లవాడి వెనుక కాలు మట్టిలో, ముందు కాలు సిమెంటు మీద పడితే రెండు పాదాలూ వేర్వేరు ఎత్తుల్లో, వేర్వేరు గట్టిదనాల మీద దిగుతాయి. ప్రతి సాయంత్రం మొదలుపెట్టే ముందు ఆ అంచు పక్కన మట్టి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస వేసి సమం చేయించండి. మ్యాటింగ్ ముడతలు లేకుండా బిగించి, దాని అంచు ముందు కాలు దిగే చోటుకు రాకుండా చూడండి. సిమెంటు మీద ఇనుప మేకుల బూట్లు జారుతాయి, రబ్బరు అడుగున్న బూట్లే వాడాలి. చెప్పులతో, వట్టి కాళ్లతో వేగంగా వేయనివ్వకండి. అసలు పూర్తి వేగంతో వేసే రోజులను మట్టి పిచ్ మీదే ఉంచి, సిమెంటు మీద నిలబడి వేయడం, నడిచి వేయడం వంటివి చేయిస్తే మేలు.

ఎన్ని బంతులు వేయించాలన్నదానికి ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు చాలాకాలంగా పాటిస్తున్న పరిమితి మంచి ఆధారం. 13 ఏళ్ల లోపు ఫాస్ట్ బౌలర్లకు ఒక స్పెల్‌లో 5 ఓవర్లు, రోజుకు 10 ఓవర్లు మించకూడదు. వరుసగా రెండు రోజులకు మించి, వారంలో నాలుగు రోజులకు మించి బౌలింగ్ ఉండకూడదు. వికెట్ కీపర్ మామూలుగా వెనక్కి వెళ్లి నిలబడవలసి వచ్చే బౌలర్‌ను వాళ్లు ఫాస్ట్ బౌలర్‌గా లెక్కిస్తారు. ఆ లెక్కలో నెట్స్‌లో వేసిన బంతులు, సెలవు రోజు పక్క ఊరి టోర్నమెంట్‌లో వేసినవి కూడా కలపాలి. జట్టులో ఒక్కడే వేగంగా వేసేవాడైతే అతన్నే ప్రతి మ్యాచ్‌లో, ప్రతి నెట్‌లో వాడతారు, గాయపడేది కూడా ఎక్కువగా అతనే. కొత్త బంతి కూడా 13 ఏళ్ల లోపు వారికి వాళ్ల సైజుదే ఇవ్వండి. అది 133 నుంచి 144 గ్రాములు ఉంటుంది, పురుషుల బంతి 156 నుంచి 163 గ్రాములు. పిచ్‌ను కూడా 22 గజాల నుంచి కొంత తగ్గించి స్టంప్స్ పాతితే, బంతిని అవతలికి చేర్చడానికి పిల్లవాడు శరీరాన్ని విరుచుకోవలసిన పని ఉండదు.

ఈ వయసులో కొందరు ఒక్క ఏడాదిలోనే చూస్తుండగా పొడుగవుతారు. అడుగు పొడవు మారుతుంది, కాళ్లు పెరిగినంత వేగంగా కండరాల బలం పెరగదు. జూన్‌లో కుదిరిన గుర్తు డిసెంబరుకు తప్పుతుంది, మంచి పిల్లవాడు ఉన్నట్టుండి నో బాల్స్ వేయడం మొదలుపెడతాడు. అలాంటి నెలల్లో ఓవర్లు తగ్గించి, రనప్ మళ్లీ మొదటి నుంచి కొలవాలి. హాజరు పట్టీలో ప్రతి బౌలర్ పేరు పక్కన తేదీ, ఎత్తు, రనప్ పొడవు, ఆ వారం వేసిన ఓవర్లు రాసి ఉంచితే, ఎవరి గుర్తు ఎప్పుడు జరపాలో, ఎవరికి ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలో ఆ పట్టీలోనే కనిపిస్తుంది.